ఒక కొత్త పోస్టు మంజూరు చేసే జి.ఓ. ముసాయిదా రాయడం ఎలా?

తిరుపతిలో మా ఆఫీసుకు కొత్తగా వచ్చిన ఒక కుర్రాడు ఒకరోజు సంతోషంగా నా టేబుల్ దగ్గరికి వచ్చాడు. "సార్, మన పోస్టు ఫైలు మీద మంత్రిగారు సంతకం పెట్టేశారంట. ఇంక పోస్టు వచ్చినట్టే కదా?" అన్నాడు. "ఇంకా రాలేదు నాయనా, జి.ఓ. రావాలి" అన్నాను. సంతకం అయ్యాక కాగితం ఎందుకు ఆగుతుందో వాడికి అర్థం కాలేదు. ఆరోజు వాడికి చెప్పినదాన్నే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను. జిల్లా ఆఫీసుల్లో, విభాగాధిపతుల కార్యాలయాల్లో ప్రతిపాదన పంపేటప్పుడు దానితోపాటు జి.ఓ. ముసాయిదా కూడా జతచేయమని తరచూ అడుగుతారు. ఆ ముసాయిదా సరిగా ఉంటే సచివాలయంలో సెక్షన్ వాళ్లు దాన్నే సవరించుకుని వాడుకుంటారు. సరిగా లేకపోతే ఫైలు వెలగపూడికి, మనకూ మధ్య తిరుగుతూనే ఉంటుంది.

ఒక ఉదాహరణ పట్టుకుని మొదటి నుంచి చివరి దాకా వెళ్దాం. తిరుపతి జిల్లాలో ఒక ప్రభుత్వ డిగ్రీ కళాశాల ఉందనుకుందాం. అక్కడ ఉన్నది ఒకే జూనియర్ అసిస్టెంట్. అడ్మిషన్లు, ఫీజు రీయింబర్స్‌మెంట్, జీతాల బిల్లులు అన్నీ ఆ ఒక్కరి మీదే. ఇంకో జూనియర్ అసిస్టెంట్ పోస్టు కావాలి. అదే కళాశాలలో ఒక ఆఫీస్ సబార్డినేట్ పోస్టు ఖాళీగా ఉంది. దాన్ని వదులుకుంటాం, బదులుగా ఇది ఇవ్వండి అన్నది ప్రతిపాదన.

కలం పట్టే ముందు చేతిలో ఉండాల్సినవి

ముసాయిదాలో తప్పులకు ఎక్కువ కారణం భాష కాదు. సమాచారం పూర్తిగా చేతికి రాకముందే రాయడం మొదలుపెట్టడం. కనీసం ఈ నాలుగూ ఎదురుగా పెట్టుకోండి.

మొదటిది పోస్టు పేరు. సర్వీసు నిబంధనల్లో ఏ పేరుంటే అదే, అక్షరం మారకుండా. మన ఉదాహరణలోని పోస్టు ఆంధ్రప్రదేశ్ మినిస్టీరియల్ సర్వీసు నిబంధనలు, 1998 కిందికి వస్తుంది. అందులో ఉన్నది జూనియర్ అసిస్టెంట్. మాటల్లో గుమాస్తా అన్నా, క్లర్క్ అన్నా, ముసాయిదాలో ఆ మాటలు రాకూడదు. నిబంధనల్లో లేని పేరుతో పోస్టు మంజూరైతే అందులోకి ఎవరిని, ఏ అర్హతతో, ఏ సీనియారిటీ జాబితా నుంచి తీసుకోవాలో చెప్పే ఆధారమే ఉండదు.

రెండోది పే స్కేలు. 2022 సవరించిన వేతన స్కేళ్లలో జూనియర్ అసిస్టెంట్‌కు 25220–80910, ఆఫీస్ సబార్డినేట్‌కు 20000–61960. మీరు రాసేనాటికి కొత్త స్కేళ్లు వచ్చి ఉంటే అవే వేయాలి. పాత జి.ఓ. నుంచి కాపీ కొడితే పాత స్కేలు కూడా వచ్చేస్తుంది, జాగ్రత్త.

మూడోది ఖర్చు లెక్క. ఆర్థిక శాఖ మొదట చూసేది దీన్నే. కొత్త పోస్టుకు కనీస మూలవేతనం నెలకు 25,220, అంటే ఏడాదికి 3,02,640 రూపాయలు. వదులుకునే పోస్టుకు నెలకు 20,000, ఏడాదికి 2,40,000. తేడా ఏడాదికి 62,640 రూపాయలు. దీనికి ఆనాటి డి.ఎ., ఆ ఊరికి వర్తించే ఇంటి అద్దె అలవెన్సు కలిపితే అసలు అదనపు భారం తేలుతుంది. ఒక పోస్టు వదులుకుంటే ఇంకో పోస్టు ఖర్చు లేకుండా వచ్చేస్తుందని చాలామంది అనుకుంటారు. తేడా చిన్నదైనా ఉంది కాబట్టి దాన్ని దాచకుండా నోట్‌లో చూపించండి. తర్వాత ఆర్థిక శాఖ వాళ్లు కనిపెట్టి ప్రశ్న వేస్తే ఒక రౌండు అదనంగా తిరగాలి.

నాలుగోది ఆర్థిక శాఖ సమ్మతి. అది సచివాలయంలో ఒక శాఖ ఇంకో శాఖకు పంపే యు.ఓ. నోట్ రూపంలో వస్తుంది. దాని నంబరు, తేదీయే కాదు, అందులో పెట్టిన షరతులు కూడా ఒక్కొక్కటిగా చదవాలి. ఆ షరతులే రేపు మీ ఉత్తర్వులో పేరాలు అవుతాయి.

తలకట్టు, సంగ్రహం

పైన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, దాని కింద సంగ్రహం. ఇది రెండు మూడు లైన్లలో ఉండే ముక్కలు ముక్కల వాక్యం. శాఖ, విభాగం, జిల్లా, సంస్థ, పని, చివర "ఉత్తర్వులు – జారీ చేయడమైనది". మధ్యలో అడ్డగీతలు. ఏళ్ల తర్వాత రికార్డు రూములో వెతికేవాళ్లు చదివేది దీన్నొక్కటే. కాబట్టి ఇందులో పోస్టు మంజూరు ఎంత స్పష్టంగా ఉంటుందో, పోస్టు రద్దు కూడా అంత స్పష్టంగా ఉండాలి. రద్దు మాట సంగ్రహంలో లేకపోతే ఆ ఆఫీస్ సబార్డినేట్ పోస్టు ఏమైందో తర్వాత వచ్చినవాళ్లకు తెలియదు. వాళ్లు మళ్లీ దాన్ని ఖాళీల జాబితాలో చూపిస్తారు.

ఆ తర్వాత నంబరు. జి.ఓ.ఎం.ఎస్. అంటే నిలిచి ఉండే నిర్ణయాలకు, జి.ఓ.ఆర్.టి. అంటే రొటీన్ వ్యవహారాలకు. కొత్త పోస్టు మంజూరు ఎం.ఎస్. కిందికి వస్తుంది. నంబరు, తేదీ స్థలాలు ముసాయిదాలో ఖాళీగానే వదలాలి. అవి జారీ అయ్యే రోజున పడతాయి.

చదివిన కాగితాల జాబితా, ఉపోద్ఘాతం

నంబరు కింద కుడివైపున ఈ నిర్ణయానికి ముందు నడిచిన ఉత్తరాలు తేదీల వరుసలో వస్తాయి. దీనికి నేను పాటించే నియమం ఒకటే. జాబితాలో ఉన్న ప్రతి కాగితం గురించి ఉపోద్ఘాతంలో ఒక మాట ఉండాలి, ఉపోద్ఘాతంలో చెప్పిన ప్రతి ఉత్తరం జాబితాలో ఉండాలి. రిమైండర్లు, ఫోన్ సందేశాలు జాబితాకు ఎక్కించకండి.

ఉపోద్ఘాతం మూడు సంగతులు చెప్పాలి. ఎవరు, ఏమి అడిగారు. ఎందుకు అడిగారు. ప్రభుత్వం మధ్యలో ఏమైనా అడిగి తెలుసుకుందా. అంతే. కళాశాల చరిత్ర, ఎన్నిసార్లు విన్నవించుకున్నారు లాంటివి నోట్ ఫైలులో ఉండాల్సినవి. ఇక్కడ వాక్యాలన్నీ "కోరారు", "తెలియజేశారు" అనే భూతకాలంలో సాగాలి. ప్రభుత్వం ఇస్తున్నట్టు ఒక్క మాట కూడా ఉపోద్ఘాతంలో రాకూడదు.

ఈ సంగతి మీద నేనెందుకింత పట్టుబడతానంటే, ఒకసారి నా చేతి మీదుగా పోయిన ముసాయిదాలోనే తప్పు జరిగింది. కమిషనర్ రెండు పోస్టులు అడిగారు, ప్రభుత్వం ఒకటే ఒప్పుకుంది. నేను ఉపోద్ఘాతంలో "రెండు పోస్టులు అవసరమని భావించి" అని రాశాను. కింద ఉత్తర్వులో ఒకటి అని ఉంది. అది అలాగే జారీ అయింది. ఉపోద్ఘాతం చూపించి రెండో పోస్టు కూడా వచ్చిందని ఒక ఆఫీసు వాదన మొదలుపెట్టింది. సవరణ ఉత్తర్వు వచ్చేదాకా నాకు ఒకటే టెన్షన్. అడిగింది అడిగినవాళ్ల మాటగా, ఇచ్చింది ప్రభుత్వం మాటగా, రెండూ వేర్వేరు పేరాల్లో ఉంటే ఆ గొడవే ఉండేది కాదు.

ఉత్తర్వు పేరాలు: ఒక పేరాకు ఒక పని

ఉపోద్ఘాతం అయ్యాక "ప్రభుత్వం ఈ విషయాన్ని జాగ్రత్తగా పరిశీలించిన మీదట" అనే మాటతో అసలు భాగం మొదలవుతుంది. ఇక్కడి నుంచి ప్రతి పేరాకూ నంబరు ఉండాలి. రేపు ఎవరైనా ప్రశ్న వేస్తే "జి.ఓ. 4వ పేరా ప్రకారం" అని జవాబు రాయగలగాలి.

మంజూరు పేరాలో ఐదు వివరాలు తప్పనిసరి: ఎన్ని పోస్టులు, పోస్టు పేరు, స్కేలు, ఎక్కడ, ఎప్పటి నుంచి ఎప్పటి వరకు. సంఖ్యను అంకెలోనూ అక్షరాల్లోనూ రాయండి.

"ఎక్కడ" అన్నచోట మన ప్రాంతం వాళ్లు ప్రత్యేకంగా జాగ్రత్త పడాలి. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడింది. అంతకుముందు చిత్తూరు జిల్లాలో, నెల్లూరు జిల్లాలో ఉన్న మండలాలు కొన్ని ఇందులోకి వచ్చాయి. పాత జి.ఓ. చూసి ముసాయిదా రాసేవాళ్లు "చిత్తూరు జిల్లా" అని అలాగే దించేస్తారు. అప్పుడు ట్రెజరీలో ఆ కళాశాల ఒక జిల్లాలో, పోస్టు మరో జిల్లాలో ఉన్నట్టు కనిపిస్తుంది. ఒట్టి "తిరుపతి" అని రాసినా అది ఊరా, జిల్లానా అన్న అనుమానం వస్తుంది. కళాశాల పూర్తి పేరు, ఊరు, మండలం, జిల్లా అన్నీ రాయండి. దీనికి తోడు ఇంకో మెలిక ఉంది. స్థానిక క్యాడర్లను నిర్ణయించింది రాజ్యాంగంలోని 371డి అధికరణం కింద వచ్చిన 1975 రాష్ట్రపతి ఉత్తర్వు. కొత్త జిల్లాలు వచ్చాక కూడా నియామకాలకు పాత ఉమ్మడి జిల్లాలనే యూనిట్లుగా తీసుకుంటూ వచ్చారు. అందుకే పోస్టు ఉన్న చోటుకు ఇప్పటి జిల్లా పేరు రాసి, అది ఏ క్యాడర్ యూనిట్‌లోకి వస్తుందో విభాగంలోని సర్వీసు సెక్షన్‌ను అడిగి ధ్రువపరచుకోండి.

ఇక "ఎప్పటి వరకు". తాత్కాలిక పోస్టులకు పాత కాలం నుంచి ఫిబ్రవరి ఆఖరు తేదీని గడువుగా వేయడం అలవాటు. మార్చి 31 ఎందుకు కాదని చాలామంది అడుగుతారు. మార్చి నెల జీతం చేతికొచ్చేది ఏప్రిల్‌లో, అంటే ఆ ఖర్చు వచ్చే ఆర్థిక సంవత్సరం లెక్కలో పడుతుంది. ఈ ఏడాది బడ్జెట్ మోసే చివరి జీతం ఫిబ్రవరిదే. అందుకే గడువు అక్కడ ఆగుతుంది, తర్వాత కొనసాగింపు ఉత్తర్వు తెచ్చుకోవాలి. "పోస్టు భర్తీ అయిన తేదీ నుంచి ఫలానా ఫిబ్రవరి ఆఖరు వరకు, లేదా అవసరం తీరే వరకు, ఏది ముందైతే అది" అన్నది వాడుకలో ఉన్న మాట. ఆర్థిక శాఖ శాశ్వత పోస్టుకే సమ్మతించి ఉంటే ఈ గడువు రాయకూడదు.

తర్వాతి పేరా రద్దు. మంజూరు, రద్దు రెండూ ఒకే ఉత్తర్వులో ఉండాలి. "రద్దు చేయడానికి చర్యలు తీసుకోవాలి" అని రాస్తే అది రద్దు కాదు, ఇంకో ఫైలుకు దారి. "ఈ ఉత్తర్వు తేదీ నుంచి రద్దు చేయడమైనది" అని రాయాలి. ఆ పోస్టు ఇప్పుడు ఖాళీగా ఉందని ప్రిన్సిపాల్ నుంచి ధ్రువపత్రం ఫైలులో ఉండేలా చూసుకోండి. మనిషి ఉన్న పోస్టును కాగితం మీద రద్దు చేస్తే నెల తిరిగేసరికి ఆయన జీతం ఆగిపోతుంది.

ఖర్చు పద్దు పేరా చిన్నదే కానీ అంకె తప్పితే బిల్లు కదలదు. మన ఉదాహరణకు మొదటి భాగం 2202 సాధారణ విద్య, 03 విశ్వవిద్యాలయ, ఉన్నత విద్య, 103 ప్రభుత్వ కళాశాలలు. మిగతా అంకెలను ఆ కళాశాల చివరి జీతం బిల్లు నుంచే తీసుకోండి, గుర్తున్నట్టు రాయకండి. జీతాల పద్దు 010, అందులో మూలవేతనం 011.

మంజూరుకు, భర్తీకి తేడా ఉంది. పోస్టు మంజూరైనంత మాత్రాన మనిషిని వేసుకోవడానికి అనుమతి వచ్చినట్టు కాదు. నేరుగా నియామకానికి ఆర్థిక శాఖ అనుమతి విడిగా కావాలి. ఈ సంగతి ఒక పేరాగా రాస్తే కింది ఆఫీసులు తొందరపడవు.

జారీ లైను

మళ్లీ ఆ కుర్రాడి ప్రశ్న దగ్గరికి వద్దాం. రాజ్యాంగంలో 166వ అధికరణం ప్రకారం రాష్ట్ర ప్రభుత్వ కార్యనిర్వాహక చర్యలన్నీ గవర్నర్ పేరున వ్యక్తం కావాలి. ఉత్తర్వు చివర "ఆంధ్రప్రదేశ్ గవర్నర్ ఉత్తర్వు మేరకు, వారి పేరున" అని రాసేది అందుకే. బచ్చిత్తర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 1962లో తేల్చిందీ ఇదే. మంత్రి ఫైలు మీద రాసినది గవర్నర్ పేరున ఉత్తర్వుగా వెలువడి, సంబంధించినవారికి అందేదాకా ప్రభుత్వ ఉత్తర్వు కాదు. అప్పటిదాకా ఆ నోట్‌ను మార్చుకోవచ్చు కూడా. మరి ఈ లైను పొరపాటున పడకపోతే ఉత్తర్వు చెల్లదా? 1952లో పంగార్కర్ కేసులో అదే కోర్టు, లైను లేనంత మాత్రాన ఉత్తర్వు రద్దైపోదని చెప్పింది. కానీ అప్పుడు నిర్ణయం నిజంగా ప్రభుత్వానిదేనని ఫైలు తెచ్చి రుజువు చేసుకోవాలి. లైను ఉంటే ఆ శ్రమ తప్పుతుంది.

ఈ లైను కింద సంతకం చేసేది మంత్రి కాదు, నిబంధనల ప్రకారం ఆ అధికారం ఉన్న కార్యదర్శి స్థాయి అధికారి. హోదా తెలుగులో రాసేటప్పుడు తడబడకండి. ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి అంటే రాష్ట్రం మొత్తానికి ఉండే చీఫ్ సెక్రటరీ. శాఖకు ఉండే ప్రిన్సిపల్ సెక్రటరీ ముఖ్య కార్యదర్శి. ఒక్క మాట మారితే సంతకం వేరేవాళ్లది అయిపోతుంది. ఇంకొకటి, కలెక్టర్‌గారు, కమిషనర్‌గారు తమ అధికారంతో ఇచ్చే ప్రొసీడింగ్స్‌లో గవర్నర్ లైను వేయకూడదు. అది సచివాలయం నుంచి ప్రభుత్వం పేరున వచ్చే ఉత్తర్వులకే.

ముసాయిదా మొత్తం ఒకచోట

> ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం
>
> సంగ్రహం
>
> ఉన్నత విద్యా శాఖ – కళాశాల విద్య – తిరుపతి జిల్లా – ప్రభుత్వ డిగ్రీ కళాశాల, ........ – ఒక జూనియర్ అసిస్టెంట్ పోస్టు మంజూరు, ఒక ఆఫీస్ సబార్డినేట్ పోస్టు రద్దు – ఉత్తర్వులు – జారీ చేయడమైనది.
>
> ఉన్నత విద్య (........) శాఖ
>
> జి.ఓ.ఎం.ఎస్.నం. ........ తేది: ........
>
> ఈ క్రింది వాటిని చదవండి:
>
> 1. కళాశాల విద్యా కమిషనర్ లేఖ నం. ........, తేది ........
>
> 2. ప్రభుత్వ మెమో నం. ........, తేది ........
>
> 3. కళాశాల విద్యా కమిషనర్ లేఖ నం. ........, తేది ........
>
> ఉత్తర్వు:
>
> పైన చదివిన 1వ లేఖలో కళాశాల విద్యా కమిషనర్, తిరుపతి జిల్లా ........ మండలం ........లోని ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో ఒకే జూనియర్ అసిస్టెంట్ పోస్టు ఉన్నందున పని నిర్వహణ కష్టమవుతోందని తెలియజేస్తూ, మరొక జూనియర్ అసిస్టెంట్ పోస్టు మంజూరు చేయాలని కోరారు. పైన చదివిన 2వ మెమోలో ప్రభుత్వం, అందుకు బదులుగా వదులుకోగల పోస్టు వివరాలు పంపాలని కోరింది. పైన చదివిన 3వ లేఖలో కమిషనర్, అదే కళాశాలలో ఖాళీగా ఉన్న ఒక ఆఫీస్ సబార్డినేట్ పోస్టును వదులుకోవచ్చని తెలియజేశారు.
>
> 2. ప్రభుత్వం ఈ విషయాన్ని జాగ్రత్తగా పరిశీలించిన మీదట, పై కళాశాలలో రూ. 25220–80910 స్కేలులో 1 (ఒక) జూనియర్ అసిస్టెంట్ పోస్టును, పోస్టు భర్తీ అయిన తేదీ నుంచి ........ ఫిబ్రవరి ఆఖరు వరకు లేదా అవసరం తీరే వరకు, ఏది ముందైతే అప్పటి వరకు, తాత్కాలికంగా మంజూరు చేయడమైనది.
>
> 3. అదే కళాశాలలో రూ. 20000–61960 స్కేలులో ఖాళీగా ఉన్న 1 (ఒక) ఆఫీస్ సబార్డినేట్ పోస్టును ఈ ఉత్తర్వు తేదీ నుంచి రద్దు చేయడమైనది.
>
> 4. 2వ పేరాలో మంజూరు చేసిన పోస్టులో పనిచేసేవారికి స్కేలు ప్రకారం వేతనంతోపాటు, అమలులో ఉన్న ఉత్తర్వుల మేరకు డి.ఎ., ఇతర అలవెన్సులు వర్తిస్తాయి. ఈ ఖర్చును 2202-03-103-........ పద్దు కింద చూపాలి.
>
> 5. ఆర్థిక శాఖ అనుమతి విడిగా పొందకుండా ఈ పోస్టును నేరుగా నియామకం ద్వారా భర్తీ చేయరాదు.
>
> 6. కళాశాల విద్యా కమిషనర్ తదుపరి చర్య తీసుకోవాలి.
>
> 7. ఆర్థిక శాఖ వారి యు.ఓ. నోట్ నం. ........, తేది ........ ద్వారా తెలిపిన సమ్మతితో ఈ ఉత్తర్వు జారీ చేయడమైనది.
>
> (ఆంధ్రప్రదేశ్ గవర్నర్ ఉత్తర్వు మేరకు, వారి పేరున)
>
> ........
>
> ప్రభుత్వ ముఖ్య కార్యదర్శి
>
> కళాశాల విద్యా కమిషనర్ వారికి.
>
> ప్రతులు: సంబంధిత ప్రిన్సిపాల్, జిల్లా ఖజానా అధికారి, తిరుపతి, అకౌంటెంట్ జనరల్, ఆర్థిక శాఖ. స్టాక్ ఫైల్/స్పేర్ కాపీ.
>
> //ఉత్తర్వు మేరకు పంపడమైనది//
>
> సెక్షన్ అధికారి

పంపే ముందు ఒకసారి

ముసాయిదాను పై నుంచి కిందికి కాకుండా, కింది నుంచి పైకి చదవండి. ముందు సమ్మతి పేరా, యు.ఓ. నోట్ పక్కన పెట్టుకుని. అందులో ఆర్థిక శాఖ మూడు షరతులు పెడితే ఆ మూడూ ఉత్తర్వులో ఏ పేరాలో ఉన్నాయో పెన్సిల్‌తో నంబర్లు వేయండి. ఒకటి తగ్గినా ఉత్తర్వు సమ్మతిని దాటి పోయినట్టే. తర్వాత పోస్టుల సంఖ్య, పేరు, స్కేలు మూడూ ఉత్తర్వులోనూ యు.ఓ. నోట్‌లోనూ ఒకటేనా అని చూడండి. చివరగా సంగ్రహంలో, ఉత్తర్వులో కళాశాల పేరు ఒకేలా ఉందో లేదో చూడండి.

ప్రతుల జాబితాలో ఖజానా అధికారి పేరు మర్చిపోకండి. జి.ఓ. కాపీ ట్రెజరీకి చేరాక, ప్రభుత్వ బిల్లులు నడిచే ఆన్‌లైన్ వ్యవస్థ సి.ఎఫ్.ఎం.ఎస్.లో ఆ పోస్టుకు పొజిషన్ ఐ.డి. తెరవమని కళాశాల నుంచి అడగాలి. రద్దైన ఆఫీస్ సబార్డినేట్ పొజిషన్‌ను మూసేయమని కూడా అదే ఉత్తరంలో రాయండి. కొత్తగా చేరే మనిషి మొదటి జీతం బిల్లు ఆ ఐ.డి. మీదే నడుస్తుంది.